కటింగ్ నచ్చకపోతే, ఫేషియల్ పడకపోతే: మా పార్లర్ గోడ మీది కాగితం



మేము ఒకే సంఘంలోని నలుగురం. బ్యాంకు లింకేజీ అప్పు తీసుకొని జడ్చర్లలో ఒక చిన్న పార్లర్ పెట్టుకున్నం. రెండు కుర్చీలు, ఒక ఫేషియల్ మంచం, అంతే. మా పార్లర్ చూడడానికి వచ్చిన అక్కలు అన్నింటికంటే ముందు గోడ మీద అంటించిన కాగితం గురించి అడుగుతున్నరు. కటింగ్ నచ్చకపోతే మళ్ళీ ఎప్పుడు సరిచేస్తం, డబ్బు ఎప్పుడు వాపసు ఇస్తం అని రాసిన కాగితం అది. "గిట్ల రాసి పెడితే అందరూ పైసలు వాపసు అడగరా?" అని చాలామంది అనుమానం. ఈరోజు ఆ ఒక్క కాగితం గురించే చెప్తం.

ముందు ఆ కాగితం ఎందుకు పుట్టిందో చెప్పాలె. మొదటి సంవత్సరం మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. ఒక శనివారం కాలేజీ చదివే ఆడపిల్ల వచ్చింది. సోమవారం వాళ్ళ అక్క పెళ్ళి. "అక్కా, చివర్లు బాగా చిట్లినయి, నాలుగు వేళ్ళు తీయి, యూ కట్ చేయి" అన్నది. మా చెల్లె జుట్టు తడిపి, దువ్వెనతో సాగదీసి పట్టుకొని, తన వేళ్ళతో కొలిచి కత్తిరించింది. ఆ పిల్లది కొంచెం రింగుల జుట్టు. తడిగా ఉన్నప్పుడు పొడుగ్గా సాగింది, ఆరినంక పైకి లేచింది. నాలుగు వేళ్ళంటే సుమారు మూడు అంగుళాలు. ఆరినంక చూస్తే ఐదు అంగుళాలు పోయినట్టు కనబడ్డది. పైగా కుడి పక్క ఒక వేలు పొట్టి అయింది.

పిల్ల అద్దంలో చూసి ఏడుపు మొదలుపెట్టింది. మేము కంగారుపడి, "కూర్చో బిడ్డా, ఇప్పుడే సరిచేస్తం" అని మళ్ళీ తడిపి, ఎడమ పక్క కొంచెం, కుడి పక్క కొంచెం కత్తిరించినం. ఇంకో అంగుళం పోయింది. అంతలో వాళ్ళ అమ్మ వచ్చింది. "ఏమమ్మా, పెళ్ళింట్ల పిల్లను గిట్ల చేసిన్రు? జడ వేస్తే సవరం కూడ ఆగేటట్టు లేదు" అన్నది. నూటయాభై రూపాయలు వాపసు ఇయ్యమన్నది. మాలో ఒకరం ఇద్దామన్నం, ఇంకొకరం "కత్తిరించిన జుట్టుకు పైసలెట్ల వాపసు ఇస్తం?" అన్నం. మా నలుగురిలో రెండు మాటలు ఉన్నయని ఆమెకు అర్థమైంది. గంటసేపు కుర్చీలో కూర్చున్నది. ఆ గంటలో కటింగ్ కోసం వచ్చిన ఇద్దరు, ఫేషియల్ కోసం వచ్చిన ఒకామె గుమ్మం దగ్గర నుంచే తిరిగిపోయిన్రు. అప్పటి మా రేట్లలో కటింగులకు మూడు వందలు, ఫేషియల్‌కు ఎనిమిది వందలు. నూటయాభై దగ్గర పట్టుబట్టి పదకొండు వందలు పోగొట్టుకున్నం. చివరికి నూటయాభై కూడ ఇచ్చినం.

ఆ రాత్రి లెక్క చూసుకుంటుంటే మాకు రెండు తప్పులు కనబడ్డయి. ఒకటి, ఎంత తీయాలన్నది మాటగానే ఉంది, ఎక్కడా రాసుకోలేదు. రెండోది ఇంకా పెద్దది. సరిచేయడానికి వీలులేని దాన్ని సరిచేయబోయినం. పొడుగు మిగిలిన జుట్టును మళ్ళీ కత్తిరించి సమానం చేయొచ్చు. పొట్టి అయిపోయిన జుట్టును కత్తెరతో పెంచలేం కదా. ఎక్కడ మళ్ళీ చేయాలె, ఎక్కడ చేతులు ఆపి డబ్బు వాపసు ఇయ్యాలె అన్నది కోపతాపాల మధ్య కాదు, ముందే కూర్చొని తేల్చుకోవాలె.

ఇది మా చిన్న పార్లర్ కథే అనుకోకండి. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో 2018 ఏప్రిల్‌లో ఇట్లాంటిదే జరిగింది. ఒకామె కింద నుంచి నాలుగు అంగుళాలు తీయమని చెప్పింది. కత్తిరించినామె పై నుంచి నాలుగు అంగుళాలే ఉంచిందని కేసు. నాలుగు అన్న మాట ఒకటే, తీయాల్సిన నాలుగా, ఉంచాల్సిన నాలుగా అన్నదే తేడా. తర్వాత సెలూన్ వాళ్ళు ఉచితంగా ట్రీట్‌మెంట్ చేస్తామన్నరు. ఆ ట్రీట్‌మెంట్‌తో తల చర్మం కాలి, జుట్టు ఇంకా పాడయిందని ఆమె ఫిర్యాదులో చెప్పింది. 2021 సెప్టెంబర్‌లో జాతీయ వినియోగదారుల కమిషన్ రెండు కోట్ల రూపాయల పరిహారం ఇయ్యమన్నది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, సేవలో లోపం ఉందన్న మాట జోలికి పోకుండ, అంత డబ్బుకు తగిన రుజువులు కావాలని ఆ లెక్కను పక్కనబెట్టి కమిషన్‌కు తిప్పి పంపింది. ఆ తర్వాత కూడ ఆ లెక్క మీద కేసు నడిచింది. అంత డబ్బు మన ఊహకు కూడ అందదు. కానీ మనం పట్టుకోవాల్సింది రెండే ముక్కలు. కొలత మాట దగ్గరే పేచీ వచ్చింది. ఉచితంగా మళ్ళీ చేసిన పనితోనే గొడవ ఇంకా ముదిరింది.

ఇంకో సంగతి. చాలా పార్లర్లలో "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని బోర్డు ఉంటది. మేము కూడ మొదట అదే రాద్దామనుకున్నం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఆ బోర్డు నిలవదు. సేవలో లోపం ఉన్నప్పుడు డబ్బు వాపసు ఇయ్యను అనడం ఆ చట్టంలో అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందికి వస్తది. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోపల, ఏమీ రాయకపోతే ముప్పై రోజుల లోపల ఇయ్యాలె. బిల్లు ఇయ్యకపోవడం కూడ ఆ జాబితాలోనే ఉంది. అయితే లోపం ఉన్నప్పుడే ఈ మాట. కటింగ్ సరిగ్గానే వచ్చి, ఇంటికి పోయినంక మనసు మారితే అది లోపం కాదు. అందుకే ఏది లోపం, ఏది కాదు అని ముందే రాసిపెట్టుకోవడం కస్టమర్‌కూ మంచిదే, మనకూ మంచిదే.

ఇప్పుడు మా కాగితం చదివి వినిపిస్తం. కటింగ్ వంతు ముందు.

"కటింగ్‌కు ముందు ఆరిన జుట్టును టేపుతో కొలిచి, ఎన్ని అంగుళాలు తీయాల్నో చీటీలో రాస్తము. కస్టమర్ చూసి సంతకం పెట్టాలె. కటింగ్ అయినంక జుట్టు ఆరబెట్టి, వెనుక అద్దం పెట్టి చూపిస్తము. రెండు పక్కలు సమానంగా లేకపోయినా, స్టెప్పులు కలవకపోయినా, చెప్పినదానికంటే పొడుగు మిగిలినా, ఏడు రోజుల లోపల చీటీ తెస్తే ఉచితంగా సరిచేస్తము. రాసినదానికంటే ఒక అంగుళం కంటే ఎక్కువ పొట్టి అయితే మళ్ళీ కత్తెర పెట్టము, పూర్తి డబ్బు అదే రోజు వాపసు ఇస్తము. చీటీలో రాసిన ప్రకారమే వచ్చినంక వేరే మోడల్ కావాలంటే సగం రేటు తీసుకుంటము."

ఇందులో ఒక్కొక్క మాట ఎందుకు పెట్టినమో చెప్తం. వేళ్ళ లెక్క మానేసినం, ఎందుకంటే మా వేళ్ళు వేరు, వాళ్ళ వేళ్ళు వేరు. దర్జీ టేపు ఒకటి కుర్చీకి వేలాడదీసినం. ఆరిన జుట్టునే కొలుస్తం, ఎందుకంటే కస్టమర్ ఇంటికి పోయేది ఆరిన జుట్టుతోనే. రింగుల జుట్టు అయితే మొదటి విడత తక్కువ తీసి, ఆరినంక చూసి మిగతాది తీస్తం. "తీసేది మూడు, మిగిలేది పద్దెనిమిది" అని రెండు కొలతలూ రాస్తం. ఢిల్లీ కేసులో వచ్చిన పేచీ ఇక్కడ రాకుండ అదే కాపాడుతది. ఒక అంగుళం తేడా ఎందుకు ఒప్పుకోమన్నమంటే, చేతితో చేసే పనిలో అంత తేడా వస్తది. అది కస్టమర్‌కు ముందే చెప్తం.

ఫోన్‌లో సినిమా హీరోయిన్ ఫోటో చూపించి "గట్లనే కావాలె" అంటరు. పలచటి జుట్టుకు ఆ ఒత్తు రాదు. అప్పుడు చీటీలోనే "ఫోటోలో ఉన్నంత ఒత్తు రాదని చెప్పినము" అని ఒక ముక్క రాసి సంతకం తీసుకుంటం. ఆ ముక్క రాయనిది ఒకసారి మాకు నూటయాభై ఖర్చయింది.

ఇక ఫేషియల్ వంతు. ఇది కటింగ్ లాంటిది కాదు, చర్మం సంగతి. కాగితంలో ఇట్లా ఉంది.

"ఫేషియల్‌కు, బ్లీచ్‌కు ముందు నాలుగు ప్రశ్నలు అడిగి చీటీలో రాస్తము. బ్లీచ్ మొదటిసారి వేయించుకునే వాళ్ళకు ముందు రోజు చెవి వెనుక కొంచెం రాసి చూస్తము. చేస్తుండగా మంట అంటే వెంటనే ఆపి కడిగేస్తము, ఆ డబ్బు తీసుకోము. ఇంటికి పోయినంక దురద, వాపు, పొక్కులు వస్తే ఏడు రోజుల లోపల ఎప్పుడైనా చెప్పొచ్చు. పూర్తి డబ్బు వాపసు ఇస్తము, మొదటిసారి డాక్టర్ ఫీజు మేమే కడతము. మంట, పొక్కులు వచ్చిన ముఖానికి మళ్ళీ ఫేషియల్ గానీ బ్లీచ్ గానీ ఉచితంగా కూడ చేయము. బ్లీచ్ అతుకులు అతుకులుగా వస్తే బ్లీచ్ డబ్బు వాపసు ఇస్తము. ముఖం తెల్లగా అవుతదని మేము మాట ఇయ్యము, తెల్లగా కాలేదని డబ్బు వాపసు ఉండదు."

చూడండి, కటింగ్‌లో మొదటి మందు మళ్ళీ సరిచేయడం. ఫేషియల్‌లో మాత్రం మళ్ళీ చేయడమే ప్రమాదం. ఒకసారి రుద్దిన, ఆవిరి పట్టిన, బ్లీచ్ తగిలిన చర్మం మీద అదే వారం మళ్ళీ చేస్తే చిన్న మంట పెద్ద పుండు అయితది. కస్టమర్ అడిగినా సరే చేయొద్దు. డబ్బు ఇచ్చేయడమే మేలు.

ఏది మామూలు, ఏది కాదు అన్నది ఎట్ల తెలుస్తదని అడుగుతరు. స్క్రబ్, ఆవిరి, బ్లాక్‌హెడ్స్ తీసినంక ముఖం కొంచెం ఎర్రబడుతది. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతది. మరునాడు పొద్దున దాకా ఉన్నా, ఎరుపు పెరుగుతున్నా, దురద పెట్టినా, నీటి పొక్కులు లేచినా అది మామూలు కాదు. అప్పుడు ఉత్త చల్లటి నీళ్ళతో కడగమంటం. పసుపు, నిమ్మకాయ, టూత్‌పేస్టు, మెడికల్ షాపు క్రీమ్ ఏదీ రాయొద్దంటం. చర్మం డాక్టర్ దగ్గరికి పంపుతం. కళ్ళు వాచినా, ఊపిరి ఆడనట్టు ఉన్నా పార్లర్ కాగితం చూసుకుంటూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పంపాలె.

ఆ నాలుగు ప్రశ్నలు ఎట్ల వచ్చినయో ఒక కేసు చెప్తం. కాగితం పెట్టిన కొత్తల మూడే ప్రశ్నలుండె. ఇంతకుముందు ఏదైనా పడలేదా, ఈ వారంలో థ్రెడింగ్ గానీ వ్యాక్సింగ్ గానీ ముఖానికి చేయించుకున్నరా, ముఖం మీద పుండ్లు, ఎండదెబ్బ ఉన్నయా. శ్రావణమాసంలో ఒకామె వచ్చింది. మూడింటికీ లేదు అన్నది. బ్లీచ్ ఇంతకుముందు చాలాసార్లు వేయించుకున్న అన్నది కాబట్టి చెవి వెనుక రాసి చూడలేదు. బ్లీచ్ వేసిన నాలుగు నిమిషాలకే "అక్కా, మండుతున్నది" అన్నది. వెంటనే కడిగేసినం. అయినా సాయంత్రానికి బుగ్గలు ఎర్రగా ఉబ్బినయి.

మరునాడు పొద్దున ఆమె భర్తతో కలిసి వచ్చింది. ఈసారి మాలో రెండు మాటలు లేవు. గోడ మీద కాగితం చూపించినం. ఫేషియల్, బ్లీచ్ కలిపి ఎనిమిది వందలు లెక్కబెట్టి ఇచ్చినం, వాపసు పుస్తకంలో సంతకం తీసుకున్నం. మాలో ఒకరం వెంట పోయి చర్మం డాక్టర్‌కు చూపించినం, ఐదు వందల ఫీజు కట్టినం. డాక్టర్ అడిగితే అప్పుడు తెలిసింది. ఆమె మెడికల్ షాపులో చీటీ లేకుండ కొన్న ఒక తెల్లబడే క్రీమ్ ఆరు నెలలుగా రోజూ రాస్తున్నది. అట్లాంటి క్రీముల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటది. రోజులకొద్దీ రాస్తే చర్మం పలచబడుతది, అప్పుడు మామూలు బ్లీచ్ కూడ తట్టుకోలేదు. ఇదివరకు పడ్డది కదా అంటే చాలదు, ఆ చర్మం ఇప్పుడు ఇదివరకటి చర్మం కాదు.

తప్పు ఎవరిదని మేము చాలాసేపు మాట్లాడుకున్నం. ఆమె చెప్పలేదు, నిజమే. కానీ మేము అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేదని ఎట్ల అంటం? అందుకే డబ్బు ఇయ్యడం న్యాయమే అనుకున్నం. ఆరోజే నాలుగో ప్రశ్న కలిపినం: "ముఖానికి ఇప్పుడు ఏ క్రీమ్ రాస్తున్నరు, ఎన్నాళ్ళ నుంచి?" పేరు తెలియకపోతే ట్యూబు తెచ్చి చూపించమంటం. తెల్లబడే క్రీమ్, మొటిమల మందు రాస్తున్నమని చెప్తే బ్లీచ్ వేయం, డాక్టర్‌ను అడిగి రమ్మంటం. ఆరోజు బేరం పోతది. పోనీయండి.

ఇప్పుడు అందరూ అడిగే మాట. ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తది?

మొదట్లో ఎవరి చేతి పని పాడైతే వాళ్ళ వాటాలో కోస్తుంటిమి. దాంతో ఏమైందంటే, తప్పు జరిగితే చెప్పకుండ దాచడం మొదలైంది. కస్టమర్‌ను బయట మాటలతో సర్ది పంపేస్తుంటిమి. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదో మిగతావాళ్ళకు తెలియలేదు. అందుకే పద్ధతి మార్చినం. వచ్చిన ప్రతి వంద రూపాయల్లో ఒక రూపాయి వేరే డబ్బాలో వేస్తం. నెలకు సుమారు నలభై వేల బేరం అయితది, అంటే నాలుగు వందలు. సంవత్సరానికి నాలుగు వేల ఎనిమిది వందలు. పోయిన సంవత్సరం నాలుగు కటింగులకు ఆరు వందలు, రెండు ఫేషియళ్ళకు పదహారు వందలు వాపసు ఇచ్చినం. డాక్టర్ ఫీజు ఐదు వందలు. మొత్తం రెండు వేల ఏడు వందలు. ఇంకా రెండు వేల వంద మిగిలింది. గోడ మీద రాసి పెట్టినందుకు ఊరంతా వచ్చి వాపసు అడగలేదు.

పని చేసిన చెల్లె వాటా కోయం. ఒక్క సందర్భంలోనే కోస్తం. చీటీ రాయకుండ, కొలవకుండ, ప్రశ్నలు అడగకుండ పని మొదలుపెడితే ఆమె వాటాలో సగం డబ్బాకు పోతది. చేయి తప్పడం ఎవరికైనా అయితది, చీటీ తప్పించడం మాత్రం కావాలని చేసేదే.

వాపసు పుస్తకంలో తేదీ, పని, ఏమైంది, ఏం చేసినం అని నాలుగు గడులు గీసినం. నెలకోసారి సంఘం మీటింగు రోజు దాన్ని చదువుతం. ఒకే రకం ఫిర్యాదు రెండుసార్లు కనబడితే అది మనిషి తప్పు కాదు, పద్ధతిలోనో సామానులోనో ఉంది. అట్ల చూసే ఒక బ్లీచ్ డబ్బా గడువు దాటిందని పట్టుకున్నం.

ఈ కాగితంతో కానివి కూడ ఉన్నయి. ఒకామె మూడు నెలల్లో రెండుసార్లు, చీటీ ప్రకారం వచ్చిన కటింగ్‌కే డబ్బు వాపసు అడిగింది. రెండుసార్లూ టేపు పెట్టి కొలిచి చూపించి, ఇయ్యం అన్నం. కోపంతో పోయింది, మళ్ళీ రాలేదు. అట్లాంటి వాళ్ళను ఏ కాగితమూ ఆపలేదు. ఇంకోటి, ఎవరికైనా నిజంగా పెద్ద దెబ్బ తగిలితే, మా గోడ కాగితం వాళ్ళ నోరు కట్టెయ్యదు. వాళ్ళు వినియోగదారుల సహాయ నంబర్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ఆ నంబర్ కూడ మేము అదే కాగితం కింద రాసినం. మొదట భయపడ్డం. కానీ ఆ నంబర్ చూసినోళ్ళు మాతోనే ముందు మాట్లాడుతున్నరు.

ఈ కాగితం నకళ్ళు ఇక్కడ బల్ల మీద పెట్టినం. పార్లర్ పెట్టుకున్న అక్కలు, పెట్టబోయే అక్కలు తీసుకపోండి. రేట్లు, రోజులు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. ఒక అంగుళం కాకపోతే అర అంగుళం పెట్టుకోండి. ఫేషియల్ పడని ముఖానికి మళ్ళీ చేయము అన్న ముక్క మాత్రం తీసేయకండి. దాంతోపాటు దర్జీ టేపు ఒకటి, కార్బన్ పెట్టి రాసే చీటీ పుస్తకం ఒకటి కొనుక్కోండి. కస్టమర్‌కు ఒక చీటీ, మనకు ఒక నకలు. కాగితం గోడ మీద ఉన్నా, చీటీ చేతిలో లేకపోతే మళ్ళీ మాటకు మాటే అయితది.